డ్రిప్ కిట్ ఏ కంపెనీది కొనాలి? డ్రిప్పర్లు నాసిరకమైతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. రెండెకరాల బత్తాయి తోటకు సబ్సిడీ కోసం ఆగకుండా సొంత డబ్బుతో డ్రిప్ వేయించుకుంటున్నాను. పేరున్న కంపెనీ కిట్ రేటు ఎక్కువ. డీలరేమో "ఇదీ అదే క్వాలిటీ, దీనికీ ఐఎస్ఐ ఉంది" అంటూ తక్కువ రేటులో ఇంకో బ్రాండ్ చూపిస్తున్నాడు. రేపు డ్రిప్పర్లు సరిగా నీళ్లివ్వకపోతే కేసు వేయొచ్చా? కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: కేసు వేయొచ్చు. పంట అమ్ముకుంటారు కాబట్టి మీది వ్యాపారమనీ, మీరు వినియోగదారు కారనీ అవతలివాళ్లు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012లోనే రైతు వినియోగదారుడేనని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువును వ్యాపార కొనుగోలు కింద లెక్కించదు.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. అది కొనే రోజునే మొదలవుతుంది.

డీలర్ చెప్పిన "ఐఎస్ఐ ఉంది" అన్న మాటనే తీసుకోండి. ఐఎస్ఐ లైసెన్స్ బ్రాండ్ మొత్తానికి కలిపి ఇచ్చేది కాదు. ఒక్కో వస్తువుకు, అది తయారయ్యే ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా ఇస్తారు. లాటరల్ పైపు ప్రమాణం ఐఎస్ 12786. పైపుకు గుచ్చే డ్రిప్పర్ ప్రమాణం ఐఎస్ 13487. డ్రిప్పర్ లోపలే ఉండే ఇన్‌లైన్ పైపు అయితే ఐఎస్ 13488. పైపు మీద గుర్తు చూపించి మొత్తం కిట్‌కు ఐఎస్ఐ ఉందనడం నేను చాలాసార్లు చూశాను. అందుకే డ్రిప్పర్ల ప్యాకెట్ విడిగా అడిగి చూడండి. గుర్తు పైన ఐఎస్ నంబరు, కింద CM/L తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. లైసెన్స్ ఎవరి పేరున ఉంది, ఏ వస్తువుకు ఉంది, ఇంకా అమల్లో ఉందా అన్నది కనిపిస్తుంది. తక్కువ రేటు బ్రాండ్ ఈ పరీక్షలో నిలిస్తే, పేరు పెద్దగా వినలేదన్న ఒక్క కారణంతో దాన్ని వదులుకోనక్కర్లేదు. నిలవకపోతే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

తర్వాత బిల్లు. "డ్రిప్ సామాను – 1 సెట్" అని రాసిచ్చే బిల్లు మీకు శత్రువు. నా దగ్గరికి వచ్చిన ఒక రైతు చేతిలో సరిగ్గా అలాంటి బిల్లే ఉంది. నోటీసు పంపితే తయారీ కంపెనీ "ఆ డ్రిప్పర్లు మావి కావు" అని ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. కాదని చూపించడానికి మా దగ్గర కాగితం లేదు. మీ బిల్లులో కంపెనీ పేరు, ఐఎస్ నంబరు, గంటకు ఎన్ని లీటర్ల డ్రిప్పర్, ఎన్ని, ప్యాకెట్ మీద ఉంటే బ్యాచ్ నంబరు రాయించండి. ఆరు మీటర్ల దూరంలో నాటిన తోటైతే రెండెకరాలకు దాదాపు 220 చెట్లు. చెట్టుకు నాలుగు చొప్పున 880 డ్రిప్పర్లు పడతాయి. ఇంకో పాతిక ఎక్కువ కొని, ఆ ప్యాకెట్ విప్పకుండా దాచండి. విత్తనాలన్నీ విత్తేసిన రైతును నమూనా ఏదని అడగడం కుదరదని పైన చెప్పిన కేసులో కోర్టు అంది. డ్రిప్పర్లు అలా మట్టిలో కలిసిపోయేవి కావు కదా, దాచడం కష్టమేమీ కాదు. వినియోగదారుల కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపాలనుకుంటే ఆ ప్యాకెటే పనికొస్తుంది.

బిగించిన వారంలోపే నీళ్లు కొలవండి. మొదటి లాటరల్, చివరి లాటరల్, మధ్యలో రెండు, మొత్తం నాలుగు ఎంచుకోండి. ఒక్కోదానిపై మొదట్లో, చివర్లో, మధ్యలో రెండు చోట్ల గిన్నెలు పెట్టండి. పదహారు గిన్నెలు అవుతాయి. ఒక్కోదాంట్లో సరిగ్గా మూడు నిమిషాలు నీళ్లు పట్టండి. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ అయితే 400 మిల్లీలీటర్లు రావాలి. పదహారింటి సగటు తీయండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన నాలుగింటి సగటు విడిగా తీయండి. ఆ నాలుగింటి సగటు మొత్తం సగటులో 90 శాతానికి పైగా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 80 కంటే తగ్గితే ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఆ లోపం ఎవరిదో తేల్చకుండా నోటీసు రాయకూడదు. గూడూరు వైపు ఒక నిమ్మ రైతు "కంపెనీ మీద కేసు వేయండి సార్" అంటూ వచ్చారు. ముందు కొలిపించాను. పన్నెండు గిన్నెల్లో 400 కాస్త అటూ ఇటూ వచ్చింది. నాలుగింట్లో 290 దగ్గర ఆగింది. మొత్తం సగటు 370, అందులో 290 అంటే 78 శాతం. కానీ ఆ నాలుగు గిన్నెలూ వరసల చివరివే. ప్రెషర్ గేజ్ పెడితే వరస మొదట్లో కిలో, చివర్లో అరకిలో చూపించింది. మామూలు డ్రిప్పర్‌కు ప్రెషర్ సగానికి పడిపోతే నీళ్లు దాదాపు 70 శాతానికి తగ్గుతాయి. ఆ లెక్కన 280 రావాలి, వచ్చిందీ అంతే. అంటే డ్రిప్పర్లలో తప్పేమీ లేదు. పైపు ఖర్చు మిగుల్చుకోవడానికి డీలర్ లాటరల్‌ను ఒకే పొడవున లాగేశాడు. నోటీసు డీలర్‌కు పంపాం, సేవాలోపం అని. తోట మధ్యలోంచి సబ్‌మెయిన్ వేసి సరిచేశాడు. కొలవకుండా కంపెనీ మీద కేసు వేసి ఉంటే ఓడిపోయేవాళ్లం.

ప్రెషర్ అంతటా ఒకేలా ఉండి, తక్కువ నీళ్లు ఒక వరుసలో కాక చెదురుమదురుగా వస్తుంటే అప్పుడు డ్రిప్పర్‌ను అనుమానించాలి. దాచిన ప్యాకెట్‌లోంచి ఐదారు తీసి ఆ స్థానాల్లోనే బిగించండి, మిగతావి కదపొద్దు. కొత్తవి 400 ఇస్తే పాతవి పూడిపోయాయని అర్థం. విప్పి చూడండి, తెల్లటి పొర ఉంటే సున్నం, గోధుమరంగు బురద ఉంటే ఇనుము లేదా మట్టి. దానికి ఫిల్టరూ నీళ్లూ కారణం, కంపెనీ బాధ్యత ఉండదు. కొత్తవి కూడా ఒకటి 300, ఇంకొకటి 460 ఇస్తే అది తయారీ లోపం. ఆ కొలతలు తేదీతో రాసి, వీడియో తీసి, మీ ప్రాంత ఉద్యాన అధికారికి అర్జీ పెట్టి వచ్చి చూడమనండి. ఎండాకాలం చెట్లు ఆగవు కాబట్టి అవసరమైనవి మార్చుకోండి. తీసిన డ్రిప్పర్లను మాత్రం పారేయొద్దు.

డీలర్ బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటే టెన్షన్ పడకండి. బిల్లులో గడువు రాసి లేకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. కొలత ఆలస్యం చేయొద్దనేది అందుకే. ముందు డీలర్‌కూ కంపెనీకీ కలిపి స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. స్పందించకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోట వేసే హక్కు చట్టం ఇచ్చింది. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. తేదీ విషయంలో వాదన రాకుండా, మొదటి కొలత రాసిన కాగితాన్ని అదే రోజు డీలర్‌కు వాట్సాప్‌లో పంపి ఉంచండి.