పింగ్ ఎగిరేది ఇంట్లోనే

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే 190 దాకా చూపిస్తుంది. అయినా రాత్రి తొమ్మిది దాటాక ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడుతుంటే పింగ్ 40 నుంచి ఒక్కసారి 350కి ఎగురుతుంది, మళ్లీ దిగుతుంది. కస్టమర్ కేర్ వాళ్లు పై ప్లాన్‌కి మారమంటున్నారు. ఒక వీడియో చూసి రౌటర్‌లో డీఎంజెడ్ కూడా ఆన్ చేశా, తేడా లేదు. గేమింగ్ రౌటర్ కొనమంటారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొనొద్దు. ప్లాన్ కూడా మార్చొద్దు. ముందు ఆ డీఎంజెడ్ ఆపేసి రండి, ఎందుకో తర్వాత చెబుతా.

ఇలాంటి ఉత్తరం నాకు వారానికి ఒకటైనా వస్తుంది. అన్నిట్లోనూ స్పీడ్ టెస్ట్ అంకె ఉంటుంది. రౌటర్ ఇంట్లో ఎక్కడుందో మాత్రం ఒక్కరూ రాయరు. మీరూ రాయలేదు.

ఆడేటప్పుడు గేమ్ వాడుకునే డేటా చాలా తక్కువ, మామూలుగా ఒక ఎంబీపీఎస్ కూడా నిండదు. కాకపోతే ఆ చిన్న చిన్న ప్యాకెట్లు సెకనుకు పదుల సార్లు, ఏదీ ఆలస్యం కాకుండా చేరాలి. మొత్తం మీద ఎంత సరుకు దిగిందో స్పీడ్ టెస్ట్ లెక్కేస్తుంది. మధ్యలో ఒక బండి అరసెకను ఆగిపోయిందా లేదా అన్నది దానికి పట్టదు. గేమ్‌కి పట్టేది అదొక్కటే.

ఈ రాత్రి తొమ్మిదిన్నరకి, ఎప్పుడూ ఆడే చోటే కూర్చుని, ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి, రెండు కమాండ్ విండోలు తెరవండి. బ్యాటరీ మీద ఉంటే వైఫై కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, దాంతో లెక్క తప్పుతుంది. ఒక్కో విండోలో ఒక్కో లైను కొట్టండి. మీ రౌటర్ అడ్రసు వేరైతే మొదటి దాంట్లో అది పెట్టుకోండి.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మీ గదినుంచి మీ రౌటర్ దాకా వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో కొలుస్తుంది. రెండోది బయటి ప్రపంచం దాకా వెళ్లొస్తుంది. మొదటి విండోలో 2, 4, 3 అని నిలకడగా ఉండి రెండో దాంట్లో మాత్రమే అంకెలు ఎగిరితే మీ వైఫై తప్పేమీ లేదు. అప్పుడు ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తోందా, సీసీ కెమెరా వీడియోని క్లౌడ్‌కి పంపుతోందా చూడండి. అప్‌లోడ్ నిండిపోతే గేమ్ ప్యాకెట్లు ఆ వరుసలో వెనకాల నిలబడతాయి. అదీ కాకపోతేనే కస్టమర్ కేర్‌తో గొడవ పెట్టుకోండి. మొదటి విండోలోనే 3 నుంచి 200కి గెంతుతుంటే జబ్బు మీ ఇంట్లోనే ఉంది. అప్పుడు ఏ ప్లాన్ కొన్నా దండగే. రోజూ ఒకే వేళకి మొదలై ఎక్కి దిగే పింగ్‌లో నేను ఎక్కువగా చూసింది ఈ ఇంటి జబ్బే.

ఆ నిలకడ 40 గురించి బెంగ పెట్టుకోకండి, అది దూరం ఖరీదు. ఫైబర్‌లో వెలుతురు వంద కిలోమీటర్లు వెళ్లి రావడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. సర్వర్ సింగపూర్‌లో ఉంటే హైదరాబాద్ నుంచి నేరుగా గీత గీసినా 3,300 కిలోమీటర్లు. అంటే 33కి కిందకి ఎవరూ దించలేరు, ఎనిమిది కొమ్ముల గేమింగ్ రౌటర్ కూడా.

మొన్న దసరాకి విజయవాడలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు మేనల్లుడు ఇదే పంచాయితీ నా ముందు పెట్టాడు. రౌటర్ పెట్టె వీధి తలుపు పైన అల్మరాలో ఉంది, వైరు లాగినతనికి అక్కడ సులువని. అవతలి గదిలో సరిగ్గా దాని వెనకే ఇనప బీరువా. బీరువా అవతల ఇంకో గోడ, ఆ తర్వాత వీడి గది. రౌటర్‌కి పింగ్ కొడితే 3, 4, 180, 6, 240, ఆ తర్వాత `Request timed out`. ఈ రెండు కమాండ్లు కొట్టా:

```
netsh wlan show interfaces
netsh wlan show networks mode=bssid
```

కొత్త విండోస్‌లో వీటికి లొకేషన్ అనుమతి ఇవ్వాల్సి ఉంటుంది. మొదటి దాంట్లో `Channel` దగ్గర 4 అని ఉంది, అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్. రెండో దాంట్లో ఆ ఒక్క బ్యాండ్‌లోనే చుట్టుపక్కల నెట్‌వర్కులు పందొమ్మిది లెక్కకొచ్చాయి. ఎక్కువ భాగం 1, 6, 11 మీద ఉన్నాయి. మావాడిది 4 మీద, అదీ 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో.

ఈ బ్యాండ్‌లో చానల్ నంబర్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, కానీ ఒక్కో నెట్‌వర్క్ కనీసం 20 ఆక్రమిస్తుంది. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కింటివాళ్లున్న చానల్‌లోనే మనమూ ఉంటే కనీసం ఒకరి మాట ఒకరికి అర్థమై వంతులవారీగా మాట్లాడుకుంటాం, ఆలస్యమవుతుందే గానీ మాట చెడదు. 4లో కూర్చుంటే 1 వాళ్లూ 6 వాళ్లూ ఇద్దరూ మనకి ఉత్త రొద. ప్యాకెట్ చెడిపోతుంది, మళ్లీ పంపాలి, అదీ చెడిపోతుంది. ఆ మళ్లీ మళ్లీ పంపడమే మీ 350. రాత్రి తొమ్మిదికి అందరూ ఇల్లు చేరి టీవీలు పెట్టుకుంటారు కాబట్టి అప్పుడే ఎక్కువవుతుంది.

మరి 4 ఎవరు ఎంచారు? `Auto`. చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడు ఒక్కసారి గాలి వాసన చూసి చానల్ పట్టుకుని ఇక కదలవు. పగలు పదకొండింటికి, అందరూ ఆఫీసుల్లో ఉన్నప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఆ ఖాళీని చూసుకుని ఎంచుకున్న చానలే రాత్రికీ దిక్కు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి "అన్నీ నేనే చూసుకుంటా" అనే ఏర్పాటు ఇంకా చికాకు. గేమ్ మధ్యలో ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కి నెట్టేస్తుంది, ఆ మారే క్షణంలో మీరు చచ్చిపోతారు, గేమ్‌లో.

కాబట్టి మొదట రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టి ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి కలిపా. తలుపు తీసి ఉంటే బాగానే ఉంది, మూస్తే తెగిపోయేది. `Signal` 48 శాతం. 5 గిగాహెర్ట్జ్‌కి గోడలంటే పడదు, ఇనుమంటే అసలు పడదు. నా అనుభవంలో ఆడే చోట 70 శాతానికి తగ్గితే నిలకడ ఆశించలేం. పెట్టెని అల్మరాలోంచి తీసి హాల్లో, మనిషి భుజమెత్తు స్టాండు మీద, వాడి గది గుమ్మానికి ఎదురుగా పెట్టాం. ఫైబర్ తీగని మడత పడకుండా వదులుగా తిప్పుకొచ్చాం, విరిస్తే మొత్తానికే మోసం. కొమ్ములు నిలువుగా నిలబెట్టాం. కొమ్ము గారె కన్నంలో గుచ్చిన పుల్ల లాంటిది, సిగ్నల్ గారెలా చుట్టూ పక్కలకి పరుచుకుంటుంది, కొస వైపు పోదు. కొమ్మొచ్చి మీవైపు వేలెత్తి చూపిస్తుంటే మీకొచ్చేది కన్నమే. సిగ్నల్ 74కి ఎక్కింది.

ఇక మిగిలింది చానల్. 5 గిగాహెర్ట్జ్‌లో వాడి రౌటర్ 36 మీద 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఉంది. అంటే 36 నుంచి 48 దాకా నాలుగు చానళ్లూ దానివే, పక్కింటి మూడు నెట్‌వర్కులు కూడా అక్కడే. 149 వైపు ఒక్కటే, అదీ నీరసంగా వినిపిస్తోంది. 149కి మార్చి వెడల్పు 40కి తగ్గించా. `ping -n 1000 192.168.1.1` కొట్టి భోజనానికి కూర్చున్నాం. తిరిగొచ్చి చూస్తే ఒక్కటీ పోలేదు, ఎక్కువలో ఎక్కువ 9. అయినా వాడి మొహం వేలాడేసుకున్నాడు, స్పీడ్ టెస్ట్ 280 నుంచి 210కి పడిపోయిందని!

మీ ఇంట్లో ఖాళీగా ఉండేది 149 కాకపోవచ్చు, 36 కావచ్చు. లిస్టు చూసి, రాత్రి పూట చూసి, ఎంచుకోండి. 52 నుంచి 144 మధ్యవి ఎంత ఖాళీగా కనిపించినా గేమ్‌కి వద్దంటాను. అవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినిపించిందని రౌటర్‌కి అనుమానం తగిలితే చాలు, నిజమైనా కాకపోయినా వెంటనే ఆ చానల్ ఖాళీ చెయ్యాలి. అలాంటి ఇంకో చానల్‌కి వెళ్తే మళ్లీ మొదలుపెట్టే ముందు కనీసం నిమిషం పాటు చెవులొగ్గి వినాలి. వారానికి రెండుసార్లు మీ 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై నిమిషానికి తిరిగొస్తుంటే కారణం ఇదే కావచ్చు.

ఇప్పుడు డీఎంజెడ్. ఆ వీడియోలు చేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. మీరు అడగకుండా బయటినుంచి వచ్చే ప్రతి పలకరింపునీ రౌటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. డీఎంజెడ్ పెడితే వాటన్నిటినీ మీరు చెప్పిన అడ్రసుకి తీసుకెళ్లి అప్పగిస్తుంది. గాలిలో చెడే ప్యాకెట్‌కి దీనితో సంబంధమే లేదు, పింగ్ ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. పైగా మన దగ్గర చాలామందికి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. రౌటర్ పేజీలో `WAN IP` 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరూ అంతే, డీఎంజెడ్ ఉన్నా ఎవరూ మీదాకా రారు. ఎల్లకాలం ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. రేపు ఇంకో కనెక్షన్‌కి మారితే, లేదా సీసీ కెమెరా బయటినుంచి చూడాలని పబ్లిక్ అడ్రసు అడిగి తీసుకుంటే, మర్చిపోయిన ఆ తలుపు ఆ రోజునుంచి నిజంగానే తెరుచుకుంటుంది.

నాకు ఇంకా భయం వేసేది వేరే. మీరు పెట్టింది 192.168.1.5 అనుకుందాం. ఆ అంకె ల్యాప్‌టాప్‌కి రాసిచ్చిన ఆస్తి కాదు. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి రౌటర్ దాన్ని మీ కెమెరా రికార్డర్‌కి ఇచ్చేసి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చని రికార్డర్ బయటికి కనపడితే ఏమవుతుందో 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చూపించింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు జాబితా కట్టుకుని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు లక్షల్లో లొంగదీసుకుంది. దాన్ని రాసిన కుర్రాళ్లు అమెరికాలో 2017లో నేరం ఒప్పుకున్నారు. వాళ్ల దందా మైన్‌క్రాఫ్ట్ సర్వర్లను పడగొట్టడం చుట్టూ తిరిగిందే. అంటే మీ ఇంటి రికార్డర్‌ని పట్టుకుని ఇంకొకరి గేమ్‌లో పింగ్ పెంచుతారన్నమాట.

డీఎంజెడ్ ఆపాక రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చానల్, వెడల్పు, రెండు పేర్లు పెట్టిన పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. నెట్ వాళ్లు దూరం నుంచి పెట్టెకి అప్‌డేట్ తోసినప్పుడు అన్నీ మళ్లీ `Auto`కి పోవడం నేను రెండు ఇళ్లల్లో చూశాను, చెప్పాపెట్టకుండా.