మౌస్ కదలలేదని జీతం కోయవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టిన సాఫ్ట్‌వేర్ పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీస్తుంది, మౌస్ కదలకపోతే ‘ఐడిల్’ అని రాస్తుంది. ఆ గంటలు లెక్కగట్టి పోయిన నెల రెండు రోజుల జీతం తగ్గించారు. నన్ను దొంగలా చూస్తున్నారనిపిస్తోంది. ఇది చట్టబద్ధమేనా?

జవాబు: ల్యాప్‌టాప్ సంస్థది, నిఘాకు ఒప్పుకుంటూ నియామక పత్రంలో మీరు సంతకం చేసి ఉంటారు కాబట్టి, నిఘా పెట్టడమే నేరమని వాదిస్తే నిలవడం కష్టం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పిన తీర్పు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టంపైనా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవడానికి దాని 7వ సెక్షన్ యజమానికి వీలు కల్పిస్తోంది.

మీకు బలమున్నది జీతం కోత దగ్గర. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, చట్టంలో చెప్పిన కారణాలకు తప్ప కోత విధించకూడదు. విధులకు రాకపోవడం అందులో ఒక కారణమే గాని, పని చేస్తూ ఉండగా మౌస్ కదలకపోవడం గైర్హాజరు కాదు. దాన్ని జరిమానా అనాలన్నా, ఏ తప్పులకు జరిమానా పడుతుందో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు ద్వారా ప్రకటించి, మీ సంజాయిషీ విని, ఆ వేతన కాలపు జీతంలో మూడు శాతం దాటకుండా విధించాలి. నెలకు ముప్పై రోజుల లెక్కన చూసినా రెండు రోజుల జీతం ఆ పరిమితిని దాటుతుంది.

అందువల్ల హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయండి. అవమానం గురించి ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా తేదీలవారీగా ఉండాలి. ఉదాహరణకు, ‘మంగళవారం 11 నుంచి 12 గంటల వరకు ఐడిల్ అని ఉంది, ఆ గంటలో నలభై పేజీల రిక్వైర్‌మెంట్ పత్రం చదివి, 12.10కి నా సందేహాలు టీమ్‌కు పంపాను, ఆ మెయిల్ జతచేస్తున్నాను’ అని రాయండి. ఏ నిబంధన కింద కోత వేశారు, స్క్రీన్‌షాట్లు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచుతారు అన్నవీ అడగండి. స్క్రీన్‌షాట్లలో మీ బ్యాంకు వివరాలు పడి ఉంటే ఆ సంగతి విడిగా ప్రస్తావించండి. ఇకపై ఆ ల్యాప్‌టాప్‌లో సొంత లావాదేవీలు చేయకండి.

మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరం మాత్రం దయచేసి కొనకండి. బయటపడితే, ఇప్పుడు మీవైపున్న న్యాయం మోసం ఆరోపణగా మారి ఉద్యోగానికే ముప్పు తెస్తుంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డుపై పని చేస్తున్నట్టు భ్రమ కల్పించారంటూ డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది.

సంస్థ జవాబివ్వకపోయినా, కోతను వెనక్కి తీసుకోకపోయినా, వేతన క్లెయిములు వినడానికి ప్రభుత్వం నియమించిన అధికారి ముందు మూడేళ్లలోగా దరఖాస్తు చేయవచ్చు. పే స్లిప్, ఐడిల్ రిపోర్టు, మీరు పంపిన మెయిల్ ప్రతులను ఈ రోజే భద్రపరచుకోండి, కానీ సంస్థ రహస్య పత్రాలేవీ వాటితో కలపకండి.