నాలుగింటికే తెలుసు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది, ఆ కోపంలో వెంటనే జవాబు రాస్తే బాగుండదని ఒక రాత్రి ఆగాను. నీ హీరో ఇస్త్రీ చేయించుకున్న చొక్కాని మళ్లీ హ్యాంగర్‌కి తగిలించి, పై గుండీ ఒక్కటే పెట్టిన వాక్యం బాగుంది. మిగతా ఉత్తరమంతా వాడు పెట్టిన మెసేజ్ గురించే.

నీ హీరో ఒక అమ్మాయిని మొదటిసారి కలవాలి. శనివారం సాయంత్రం ఆరింటికి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర కాఫీ షాపులో. ఆమె దిల్‌సుఖ్‌నగర్ నుంచి రావాలి. నాలుగింటికి వీడి నాన్నకి కళ్లు తిరిగాయి, చెమటలు పట్టాయి, షుగర్ పడిపోయింది. పంచదార నీళ్లు తాగించారు, కాస్త తేరుకున్నట్టే అనిపించింది, మళ్లీ నీరసపడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి నుంచి 5:40కి ఆమెకి మెసేజ్ పెట్టాడు. ఇంతవరకూ నమ్మేశాను. ఆ మెసేజ్ మాత్రం నీ ప్రింటులో ముప్పావు పేజీ ఉంది. 'క్షమించండి' నాలుగుసార్లు, 'అనుకోకుండా జరిగిపోయింది' రెండుసార్లు, షుగర్ 54 అని అంకెతో సహా, చివర రెండు చేతులు జోడించిన బొమ్మలు. పైగా అది చదివి ఆ అమ్మాయి కరిగిపోయిందని రాశావు. నేనైతే ఫోను బ్యాగులో పడేసేవాణ్ణి.

మెసేజ్ మొదటి వాక్యం చూడు: 'హాయ్ అండి, మీకు ఎలా చెప్పాలో అర్థం కావడం లేదు కానీ...' ఫోను తెరవకముందు ఆమెకి కనపడేది ఆ ఒక్క ముక్కే. రైల్లో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఉన్న మనిషికి ఆ ముక్క ఏం చెప్తుంది? పెళ్లయినవాడని చెప్పబోతున్నాడా, ఎవరైనా పోయారా? తెరిచి ఏడు లైన్లు దాటితే గానీ వాడు రావడం లేదని తెలియదు. రావట్లేదన్న మాట మొదటి లైనులో ఉండాలి. అది మర్యాద కోసం కాదు, ఆమె ఎక్కడుంటే అక్కడ ఆగిపోవడానికి.

ఆమె ఎక్కడుంది? నువ్వు ఆలోచించలేదు, నేను ఆలోచించాను. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైను ఎక్కితే అమీర్‌పేటలో దిగి బ్లూ లైనుకి మారాలి. ఆరింటికి చెక్‌పోస్ట్‌లో ఉండాలంటే ఐదింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. అంటే 5:40కి ఆమె అమీర్‌పేటలో, శనివారం సాయంత్రం జనం మధ్య, రైలు మారుతూ ఉంటుంది. ఇంట్లో అమ్మకి ఏదో ఒకటి చెప్పి వచ్చి ఉంటుంది. జడ వేసుకోవాలా వదిలేయాలా అని అద్దం ముందు పావుగంట నిలబడి ఉంటుంది. నీ మెసేజ్‌లో వీడి సాయంత్రం అంతా ఉంది, ఆమె సాయంత్రం ఒక్క అక్షరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాన్నకి నాలుగింటికి బాగోలేదు. మెసేజ్ 5:40కి వెళ్లింది. మధ్యలో గంటా నలభై నిమిషాలు. ఆ సమయం గురించి నువ్వే ఒక వాక్యం రాశావు, 'ఎలాగోలా వెళ్లగలనేమో అనుకున్నాడు' అని. రాసి దాటేశావు. కథ అక్కడుందయ్యా! నాలుగుంపావుకి 'నాన్నకి బాగోలేదు, ఈరోజు అనుమానమే, బయల్దేరేముందు నన్ను అడగండి' అని ఒక్క ముక్క పెట్టి ఉంటే ఆమె ఇంట్లోనే ఉండేది. కాబట్టి వాడి తప్పు రాకపోవడం కాదు. తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎవరికీ తప్పు కాదు. తెలిసి చెప్పకుండా ఆగడం తప్పు. నీ హీరో చెయ్యని తప్పుకి నాలుగుసార్లు క్షమాపణ అడిగి, చేసిన తప్పుని ఊసెత్తకుండా వదిలేశాడు. ముప్పావు పేజీ రాసినా అందులో నిజాయితీ కనపడకపోవడానికి కారణం అదే.

దీనికి మన భాష కూడా సాయం చేస్తుంది, అదే నా బాధ. నలభై ఏళ్లుగా ఈ మాట మొత్తుకుంటున్నాను, ఇంట్లోవాళ్లు కూడా వినడం మానేశారు. తెలుగులో తప్పించుకోవడానికి వీలైన క్రియలు బోలెడు. 'కుదరలేదు.' 'వీలుపడలేదు.' 'ఆలస్యమైంది.' 'అలా జరిగిపోయింది.' వీటిలో చేసినవాడు ఉండడు, వానో ఎండో వచ్చినట్టు పని దానంతటదే అయిపోతుంది. 'ఆలస్యమైంది' అన్న చోట 'ఆలస్యం చేశాను' అని పెట్టి చూడు, గొంతు మారుతుంది. 'రావడం కుదరలేదు' కొట్టేసి 'రావట్లేదు' అని రాయి. ఇక 'ఏమీ అనుకోకండి' అన్నది మరీ గొప్పది. తప్పు మనది, అనుకోకుండా ఉండే పని అవతలివాళ్లది! నీ మెసేజ్‌లో అదీ ఉంది, మూడో పేరాలో.

'క్షమించండి' కూడా తీసెయ్. తెలుగు మాట తీసెయ్యమంటున్నానని ఆశ్చర్యపోకు. అది అవతలి మనిషికి పని పురమాయించే మాట. పైగా ఇంకా ముఖం కూడా చూడని అమ్మాయికి అలా రాస్తే పాత దూరదర్శన్‌లో 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న బోర్డులా ఉంటుంది. మనవాళ్లు నోరారా అనే మాట 'సారీ అండి'. ఆ 'అండి' ఉండాలి, మొదటి పరిచయం కదా. ఒక్కసారి చాలు.

ఈ క్రియల గోల నాకెందుకు పట్టుకుందో చెప్తాను. నా కథలు పత్రికలకి పంపే రోజుల్లో ఒక వారపత్రిక నుంచి అచ్చు వేసిన చీటీలు వచ్చేవి. 'స్థలాభావం వల్ల ప్రచురించడం సాధ్యపడలేదు.' పదకొండు చీటీలు దాచాను. స్థలం లేదట, సాధ్యపడలేదట! 'నాకు నచ్చలేదు' అని ఒక్క సంపాదకుడు సంతకం పెట్టి రాస్తే నా బతుక్కి రెండేళ్లు కలిసొచ్చేవి. ఇప్పటివాళ్లు చీటీ కూడా పంపరు, కథలో ట్విస్ట్ ఉందా అని మాత్రం అడుగుతారు. నువ్వూ చివర్లో ఆ అమ్మాయి అదే ఆసుపత్రిలో నర్సు అని తేల్చావు. దాని గురించి నేనేమీ అనను.

చీటీలది చిన్న బాధ. నా ఇరవై ఆరో ఏట తెనాలిలో పెళ్లిచూపులు. బెజవాడ నుంచి ఎంత, గంట ప్రయాణం. ముందు రోజు రాత్రే నాకు వెళ్లాలని లేదు. భయం. ఉద్యోగం చిన్నది, మాట్లాడ్డం రాదు. ఇంట్లో చెప్పే ధైర్యం లేక తెల్లారేదాకా మేలుకున్నాను. మధ్యాహ్నం పోస్టాఫీసుకి వెళ్లి టెలిగ్రాం ఇచ్చాను. మాటకింత అని డబ్బు, అందుకని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, అనివార్య కారణాల వల్ల ప్రయాణం రద్దు అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాశాను. అది మర్నాడు చేరింది. పెళ్లిచూపుల రోజు సాయంత్రం అమ్మాయివాళ్ల అబ్బాయి స్టేషన్లో మూడు రైళ్లు చూశాడట.

పదిహేనేళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఆ అబ్బాయే పక్క విస్తట్లో కూర్చున్నాడు. గుర్తుపట్టాడు. నవ్వుతూనే అన్నాడు: "మీరు రానందుకు ఎవరం ఏమీ అనుకోలేదండీ. ముందు రాత్రే మానేశారని మీ బంధువులు ఎవరో చెప్పారు. పొద్దున్నే తెలిసుంటే అమ్మ పక్కింటివాళ్ల కుర్చీలు అడగక్కర్లేదు కదా, అదొక్కటే." పప్పు కలుపుకుంటూ అన్నాడు. నాకు ఆ పూట అన్నం దిగలేదు. అనివార్య కారణాలు ఏవీ లేవు. నాకు రాత్రే తెలుసు.

అందుకే నీ కథలో నాలుగింటి మీద నా కన్ను పడింది.

మెసేజ్ నేనైతే ఇలా రాస్తాను:

'ఈరోజు నేను రావట్లేదు. మీరు ఈపాటికి సగం దారి వచ్చే ఉంటారు. నాన్నకి షుగర్ పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాం, ఇప్పుడు పర్లేదు. నాలుగింటికే తెలుసు, సర్దుకుంటుందిలే అని మీకు చెప్పకుండా ఆగాను. అది నా తప్పు, మిమ్మల్ని అనవసరంగా తిప్పాను. సారీ అండి. మీకు ఇష్టమైతే వచ్చే ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ నేనే వస్తాను. జవాబు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు.'

ఆమె మాట ముందు పెట్టి, నాన్న మాట తర్వాత పెట్టడానికి కారణం ఉంది. ఆసుపత్రి అనగానే ఎవరైనా మెత్తబడాల్సిందే, చిరాకు పడే హక్కు పోతుంది. 54 అని అంకె కూడా వేస్తే అది జాలి అడుక్కోవడమే. కారణం ఒక్క వాక్యం, ఆమె నమ్మడానికి సరిపడా. 'ఇప్పుడు పర్లేదు' అన్నది ఎందుకంటే లేకపోతే ఆమె తిరుగు రైల్లో ముక్కూ మొహం తెలియని పెద్దాయన కోసం టెన్షన్ పడుతూ వెళ్లాలి.

'ఎప్పుడైనా మళ్లీ కలుద్దాం' అని రాయకపోవడం చూశావా? ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదు, మనందరికీ తెలుసు. రోజు చెప్పాడు, ఈసారి తిరగాల్సింది తనే అని ఒప్పుకున్నాడు, వద్దనుకోవడానికి దారీ వదిలాడు. 'కోపం వచ్చిందా?', 'ఓకేనా?' అన్న ప్రశ్నలు లేవు. అవి ఉంటే ఆమె అమీర్‌పేట ప్లాట్‌ఫామ్ మీద నిలబడి 'పర్లేదు' అని టైపు చేసి వీణ్ణి ఓదార్చాలి.

ఇంత రాశాక నాకే ఒక అనుమానం. ఇరవై నిమిషాలే ఉన్నప్పుడు మెసేజ్ ఎందుకు, ఫోన్ చెయ్యాలి కదా? చెయ్యాలి. వాడి దగ్గర ఆమె నంబరు లేదేమో, డేటింగ్ యాప్‌లో మాటలే ఉన్నాయేమో. ఆ సంగతి కథలో ఒక్క ముక్కలో చెప్పు. నంబరు ఉంటే మాత్రం రెండుసార్లు రింగిచ్చి, ఎత్తకపోతే అప్పుడు మెసేజ్. పంపాక రెండో మెసేజ్ వద్దు. నువ్వు వాడిచేత ఏడింటికి ఒకటి, తొమ్మిదింటికి ఒకటి పెట్టించావు, చూసినట్టు గుర్తు పడిందని మళ్లీ ఒకటి. అవి ఆమె కోసం కాదు, వాడి నిద్ర కోసం.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఇంకా ఏదో పోటీ గురించి కూడా. అవి తర్వాత చూద్దాం.

నర్సుని తీసేసి, నాలుగింటి నుంచి 5:40 దాకా వాడు ఏం చేశాడో రాయి. ఫోను ఎన్నిసార్లు తీసి మళ్లీ జేబులో పెట్టాడో, నాన్న పక్కన కూర్చుని ఎన్నిసార్లు గడియారం చూశాడో, చూసినందుకు తనని తను ఏం తిట్టుకున్నాడో. చొక్కా వాక్యం మాత్రం ముట్టుకోకు. ఈసారి కాగితానికి ఒకవైపే, లైనుకీ లైనుకీ మధ్య చోటు వదిలి ప్రింటు తీసి పంపు. దిద్దడానికి నా పెన్ను పట్టలేదు.

ఉంటాను.