అల్లూరి వాళ్ళమ్మ గురించి రాస్తున్నావట కదా, ఈ ఉత్తరం చూడు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు అల్లూరి సీతారామరాజు గారి తల్లి మీద రాద్దామనుకుంటున్నా మావయ్యా, ఏ పుస్తకం తెరిచినా "తల్లి సూర్యనారాయణమ్మ" అని ఒక్క ముక్క తప్ప ఇంకేం లేదు అన్నావు కదా, అప్పటినుంచీ అదే ఆలోచిస్తున్నా. ఫోన్లో సగమే చెప్పగలిగాను, అందుకే ఇలా టైప్ చేస్తున్నా, కాస్త పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో పాత కాగితాల మధ్యే నా సర్వీసంతా గడిచింది కాబట్టి నాకు తెలిసింది ఆ వైపునుంచే చెప్తాను.

ముందు నువ్వు కొడుకు జీవితం పక్కన పెట్టి, ఆవిడ ఎప్పుడు ఏ ఊళ్ళో ఉందో ఒక కాగితం మీద వరసగా రాసుకో. 1897 జూలై 4న రామరాజు పుట్టింది పాండ్రంగిలో, అంటే మన పద్మనాభం మండలంలో గోస్తనీ పక్కన. అది తల్లి పుట్టిల్లు. తండ్రి వెంకటరామరాజు గారి వాళ్ళది మోగల్లు, భీమవరం వైపు. ఈయన ఏ ఊరివాడు అని ఇప్పటికీ జనం వాదించుకుంటారు గానీ, కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మనిళ్ళలో మామూలే కదా, రెండూ నిజమే. ఆ వాదనే నీకు మొదటి ఆధారం, పురుడు ఎక్కడ జరిగిందో అక్కడే తల్లి వైపు వాళ్ళు ఉంటారు, కాబట్టి మోగల్లులో వెతికేవాళ్ళకి దొరకని మనిషి పాండ్రంగిలో దొరుకుద్ది. ఆ తర్వాత 1908 గోదావరి పుష్కరాల్లో కలరా వచ్చి భర్త పోయాడు. ముగ్గురు చిన్నపిల్లలు, బంధువుల ఇళ్ళు, చివరికి తునిలో కాపురం. పిల్లాడు కాకినాడలో, మన విశాఖ ఏవీఎన్ కాలేజీ స్కూల్లో, నరసాపురంలో ఇలా తిరుగుతూ చదివాడు. ఇది పెద్దపెద్ద జీవితచరిత్రల్లో ఉన్నదే, కాకపోతే వాళ్ళు దాన్ని కొడుకు చదువు కథగా రాశారు, నువ్వు దాన్ని ఒక విధవరాలి సంసారం కథగా చదవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కాలంలో ఆడమనిషి పేరు సర్కారు కాగితంలోకి ఎక్కేది ఎక్కువగా భర్త పోయాకే. భర్త ఉన్నన్నాళ్ళూ అన్నీ ఆయన పేరుమీదే నడుస్తాయి, ఆయన పోగానే మైనరు పిల్లల వాటా అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా తల్లి గార్డియన్ గా నిలబడాలి. "ఫలానా వారి భార్య, మైనర్ల గార్డియన్ తల్లి" అని దస్తావేజు మొదట్లోనే ఉంటుంది. అందుకని నువ్వు చూడాల్సింది 1908 తర్వాత ఏళ్ళు, తుని వైపూ భీమవరం వైపూ పాండ్రంగి వైపూ. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, 1983 నుంచే వస్తుంది, దాని ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి ఫీజు కట్టి చేత్తో వెతికించుకోవాల్సిందే. అక్కడ రెండు ఇండెక్సులుంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, ఇంకోటి ఆస్తి పేరుతో. సర్వే నంబరు తెలీదు కాబట్టి నువ్వు పేర్లది అడుగు, ఆస్తిది ఇస్తే ఏం లాభం లేదు. ఏ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో మారుతూ వచ్చింది, పాండ్రంగికి ముందు భీమిలిలో అడిగి చూడు.

దస్తావేజు దొరికితే ముందు వైపు చదివేసి వదిలేయకు అమ్మలూ, చాలామంది చేసేది అదే. వెనక తిప్పు. వెనక రిజిస్ట్రారు రాసిన ఎండార్స్‌మెంట్ ఉంటుంది, ఈవిడే ఫలానా అని నిరూపించిన ఇద్దరి పేర్లూ వాళ్ళ తండ్రుల పేర్లూ ఊర్లూ ఉంటాయి, వాళ్ళు మామూలుగా అన్నో తమ్ముడో మరిదో అయ్యుంటారు, పుట్టింటి ఇంటిపేరు చాలాసార్లు అక్కడే బయటపడుద్ది. రాజుల ఇళ్ళలో ఘోషా ఉండేది, కచేరీకి రాని ఆడవాళ్ళ దగ్గరికి రిజిస్ట్రారు గానీ కమిషన్ గానీ ఇంటికే వెళ్ళేవారు, అలా వెళ్తే ఏ ఊళ్ళో ఎవరింట్లో ఆ పని జరిగిందో కూడా రాసేవారు. అంటే ఆ తేదీన ఆవిడ ఎక్కడుందో నీకు ఖాయంగా తెలిసినట్టే. ఇంక చివర చూడు, "చేవ్రాలు" అని ఉంటే ఆవిడకి సంతకం వచ్చు, "నిశాని" అని ఉండి పక్కన వేలిముద్రో గీతో ఉంటే రాదు. ఒక్క పదమే గానీ ఆవిడ కొడుక్కి పుస్తకాలు చదివి వినిపించిందని ఎవరైనా రాస్తే దాన్ని నమ్మాలా వద్దా అనేది అక్కడ కొంత తేలుద్ది. పూర్తిగా కాదులే, సంతకం పెట్టడం వేరు చదవడం వేరు, సంతకం రాకపోయినా పద్యాలు నోటికొచ్చిన ఆడవాళ్ళని మనం చూశాం కదా.

సూర్యనారాయణమ్మ అనే పేరు ఆ రోజుల్లో మన వైపు ఇంటికొకరికి ఉండేది, కాబట్టి పేరు కుదిరిందని సంబరపడిపోకు. మైనర్ల వయసులతో సరిచూసుకో. 1909లో రాసిన కాగితమైతే పెద్దవాడికి పదకొండో పన్నెండో ఉండాలి, ఎనిమిది అని ఉంటే అది వేరే కుటుంబం అయ్యుండచ్చు, లేదా పేరు తారుమారైందేమో తమ్ముడు సత్యనారాయణరాజు వైపు చూసుకో. వయసు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ రాయడం మామూలే, మూడు నాలుగేళ్ళు తేడా మాత్రం కాదు. ఇంకోటి, పద్దెనిమిది నిండితే మేజరు, అంటే 1915 జూలై తర్వాత కాగితంలో రామరాజు తనంతట తానే సంతకం పెట్టాలి. ఇరవయ్యొకటి దాకా ఆగింది అంటే కోర్టు గార్డియన్ని వేసిందని అర్థం, అప్పుడు జిల్లా కోర్టు రికార్డులో ఒక పిటిషన్ ఉండాలి, దాన్లో ఆస్తి లిస్టూ దగ్గర బంధువుల పేర్లూ అన్నీ ఉంటాయి. అది దొరికిందంటే నీ పుస్తకంలో సగం వచ్చినట్టే.

కాగితాలతో పాటు ఆ బంధువుల ఇళ్ళల్లో తద్దినం తిథి ఏదో అడుగు. పెట్టేవాళ్ళకి తల్లి, నాయనమ్మ, ముత్తాతమ్మ పేర్లు మూడు తరాలు నోటికి రావాలి, గోత్రంతో సహా చెప్పాలి కాబట్టి పుస్తకంలో లేనివి కూడా అక్కడ బతికుంటాయి. తిథి దొరికితే నెల పక్షం తెలుస్తాయి గానీ సంవత్సరం తెలీదు, పెళ్ళిళ్ళనీ పుష్కరాలనీ గుర్తు పెట్టి "ఆ పెళ్ళికి ఉందా లేదా" అని అడుగుతూ ఏళ్ళు తగ్గించుకో. పుష్కరం పన్నెండేళ్ళకోసారి కాబట్టి ముసలివాళ్ళ మాటకి అది మంచి గడియారం. ఎవరైనా కథ చెప్తే ఆయనకి ఎవరు చెప్పారో కూడా రాసుకో, లేకపోతే పుస్తకంలో చదివిందే మళ్ళీ నీకు చెప్తున్నాడేమో తెలీదు.

ఆవిడ ప్రభావం కొడుకు మీద ఏంటి అనే దగ్గర జాగ్రత్త. 1924 మే 7న ఆయన పోయాక జనం ఆయన్ని ఎంత పెద్దగా చూశారో తల్లిని కూడా అంతే పెద్దగా చెప్పుకున్నారు, ఆ ప్రేమ నిజమే గానీ అది ఆధారం కాదు. నువ్వు మొదట రాసుకున్న ఊర్ల వరస తీసుకుని ప్రతి కథనీ దాని పక్కన పెట్టి చూడు. తల్లి తునిలో ఉంది, కొడుకు కాకినాడలో హాస్టల్లోనో చుట్టాలింట్లోనో ఉన్నాడు అంటే ఆ ఏడు రాత్రిళ్ళు కూర్చోబెట్టి చెప్పిందనే మాట నిలబడదు, సెలవులకి వచ్చాడంటే నిలబడుద్ది. ఇలా చేశాక మిగిలేవి కొంచెమే ఉంటాయి, కానీ అవి గట్టివి. నా లెక్కలో అయితే, భర్త పోయిన తర్వాత కూడా ఇంట్లో సంపాదించేవాడు లేకుండా అబ్బాయిని ఊరు మార్చి ఊరు మార్చి చదివించాలని ఎవరో పట్టుబట్టారు, ఆ ఖర్చు ఎవరు పెట్టారు, పినతండ్రి రామకృష్ణంరాజు గారు ఎంత చూశారు, ఆవిడ తనది ఏం అమ్ముకుంది, ఇదే ఆవిడ గురించి అడగాల్సిన పెద్ద ప్రశ్న. దానికి జవాబు కథల్లో కాదు, నేను చెప్పిన ఆ దస్తావేజుల్లో ఉండాలి.

మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో పితూరీ ఫైళ్ళు, అంటే రామరాజు తిరుగుబాటు మీద సర్కారు రాసుకున్నవి, ఉన్నాయి, వాటికి తర్వాత వెళ్దువు గానీ, వాటిలో మనిషిని తండ్రి పేరుతోనే రాస్తారు, బంధువులని విచారించిన చోట మాత్రమే ఆవిడ కోసం చూడు. పుట్టింటి ఇంటిపేరు ఎందులో చదివినా, ఆవిడ అన్నదమ్ముల కాగితంలో కుదిరేదాకా నోట్సులో పెన్సిల్‌తోనే ఉంచు. భీమిలి వెళ్ళే రోజు ముందే చెప్పు, ఆఫీసు తెరిచే టైముకి నేనూ వస్తాను, పాత చేతిరాత నీకు కష్టంగా ఉంటుంది.

మీ పెద్దమావయ్య
విశాఖపట్నం