సుగంధిపాల అని రాసేముందు

బుజ్జమ్మా,

ప్రాజెక్టు కోసం ఉదయగిరి కొండ కింద సుగంధిపాల వేర్లు తవ్వుతావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో ఒకరన్నా మొక్కల దారి పట్టారని సంతోషమేసింది, ఆ వెంటనే భయమేసింది. ఫారెస్టు వాళ్ళ పర్మిషన్ తీసుకో, బూట్లేసుకో, ఆ రెండూ నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు పంపిన ఫొటో చూశా. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, తీగ సన్నంగా ఉంది, అంతే. అది సుగంధిపాలా, దాన్ని పోలిన నల్లతీగా అనేది ఆ ఫొటోతో నేను తేల్చలేను. తుంచితే పాలొచ్చాయి మామా అన్నావు, పాలు రెండిట్లోనూ వస్తాయి తల్లీ, పచ్చగన్నేరులోనూ వస్తాయి. అందుకే ఏ వేరైనా నాలిక మీద పెట్టావంటే నేనొప్పుకోను, చెప్తున్నా.

నేను చేసిన తప్పు విను. నీ వయసులో ఒక మందుల షాపాయనకి వేర్లు తవ్విచ్చేవాణ్ణి. మొదటి తీగ నిఖార్సైన సుగంధిపాల, వేరు విరిస్తే ఆ కమ్మటి వాసన గుప్పుమంది. అదే కత్తితో, అదే చేతుల్తో పక్క పొదలో ఇంకో తీగ తవ్వి వాసన చూశా, అదీ కమ్మగానే ఉంది. ఎందుకుండదు, నా చెయ్యే వాసనొస్తుంటే! సాయంత్రానికి అన్నీ ఒకే గోతంలో వేశా, రెండు రోజులకి ఆ వాసన అన్నిటికీ పట్టింది. షాపాయన కొన్ని కడిగి విరిచి చూస్తే సగం వేర్లు లోపల ఉత్త కట్టె. డబ్బులు పోతే పోయాయి, ఆ గోతంలోంచే నాలుగు వేర్లు తీసి మీ అమ్మమ్మకి షర్బత్తుకిచ్చా, అందులో ఏం కలిసిందో తెలీక ఆ రాత్రంతా ఆమె పక్కనే కూర్చున్నా. ఏం కాలేదులే, కానీ ఆ రాత్రి నాకింకా గుర్తే.

అందుకని ఒక్కో మొక్క దగ్గర చేతులు, కత్తి సబ్బుతో కడుక్కో, వేరు అక్కడే విరిచి వాసన చూడు, నంబరేసి వేరే కాగితంలో చుట్టు. వాసనొక్కటీ చాలదు, మారేడు గడ్డలనే ఇంకో తీగ వేర్లకీ అదే వాసన, కాకపోతే ఆ వేరు లావుగా కండపట్టి ఉంటుంది, రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. సుగంధిపాల వేరు సన్నగా, గట్టిగా ఉంటుంది, తీగ నేల మీద పాకుతుంది, లేకపోతే చిన్న పొదని చుట్టుకుంటుంది. చెట్టెక్కి కట్టెలా లావెక్కిన తీగ, లేత కొమ్మల మీద తుప్పురంగు నూగు కనిపిస్తే నల్లతీగని అనుమానించు. ఇవన్నీ అప్పటికప్పుడే రాసుకో, ఇంటికొచ్చి గుర్తుచేసుకుని రాస్తే నమ్మకముండదు.

ఇప్పుడు ఎండాకాలం, పూలు దొరక్కపోవచ్చు. నల్లతీగ వానల చివర నుంచి చలికాలం దాకా కొమ్మల చివర తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది, సుగంధిపాల పూలు ఆకు మొదట్లో బయట పచ్చగా లోపల ఊదాగా ఉంటాయి. అనుమానమున్న తీగకి గుడ్డపీలిక కట్టి రా, పేరు రాయకుండా ఖాళీ వదులు. కార్తీకంలో ఇద్దరం పోయి చూసొద్దాం, అప్పటికి నా మోకాలు కూడా కుదురుకుంటుంది.

మీ మావయ్య