100% చూపిస్తూనే ఆగిపోయే లాప్‌టాప్

ప్రశ్న: ఛార్జర్ పెట్టి ఉంటే లాప్‌టాప్ బాగానే నడుస్తుంది. వైరు తీసిన క్షణమే ఆగిపోతుంది. బ్యాటరీ మాత్రం 100% అనే చూపిస్తోంది. కొత్తది కొనాలా?

జవాబు: కొనేముందు ఒక్క పూట ఆగండి. మాది నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున మైపాడు వైపు, ఇంటి పక్కనే రొయ్యల గుంటలు. పోయిన వానాకాలం మా లాప్‌టాప్‌కూ ఇదే వచ్చింది. రిపేరు షాపులో చూపిస్తే "బ్యాటరీ పోయిందన్నా, మార్చాల్సిందే" అన్నారు. మనసొప్పక ఇంటికొచ్చి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాను:

```
powercfg /batteryreport
```

వచ్చిన ఫైల్‌లో DESIGN CAPACITY 41,040, FULL CHARGE CAPACITY 36,500 అని ఉంది. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే సెల్స్ అరిగాయని అనుమానించవచ్చు. మాది అంత పడలేదు. కానీ ఈ అంకెలు బ్యాటరీలోని లెక్క చిప్ చెప్పేవి. ఆ చిప్పే తప్పు చెబుతుంటే?

అది తేల్చడానికి ఛార్జర్ పెట్టి, విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర BIOS లోకి వెళ్లి, అక్కడ వైరు తీయాలి. శాతం చూసి మెషిన్‌ని ఆపేసే విండోస్ అక్కడ ఉండదు. అరగంట నడిచిందంటే సెల్స్‌లో బలం ఉంది, లెక్కే తప్పింది. అప్పుడు పూర్తిగా ఛార్జ్ చేసి, ఆరిపోయేదాకా వాడి, మళ్లీ మధ్యలో తీయకుండా నింపితే లెక్క చాలావరకు సర్దుకుంటుంది. మాది BIOS లో కూడా టప్‌మని ఆగింది. కాబట్టి తప్పు సెల్స్‌లోనో, కనెక్టర్‌లోనో ఉండాలి.

ఛార్జర్ తీసి, పవర్ ఆపి, అడుగు మూత విప్పాను. బ్యాటరీ వైరు బోర్డుకి తగిలే చోట, చివరి రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము. మా ఉప్పుగాలి చేసిన పనే అది. మధ్యలోని సన్నటి డేటా పిన్నులు మాత్రం మెరుస్తున్నాయి. 100% కబురు ఆ పిన్నుల మీదుగా వస్తుంది, కరెంటు చివరి పిన్నుల మీదుగా వస్తుంది. అందుకే శాతం నిజమే చెబుతున్నా బలం బోర్డుకి చేరడం లేదు. చిలుము వల్ల ఒక్క ఓమ్ అడ్డుపడినా, 3 ఆంపియర్లు లాగేసరికి 3 వోల్టులు అక్కడే పోతాయి. 11 వోల్టుల బ్యాటరీ నుంచి బోర్డుకి 8 అందితే మెషిన్ నిలబడదు.

కనెక్టర్‌ని ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి టూత్‌బ్రష్‌తో రెండు వైపులా తుడిచి, అరగంట ఆరనిచ్చి, గట్టిగా నొక్కి పెట్టాను. ఛార్జర్ పెట్టి ఆన్ చేసి, దాని వైరు తీశాను, ఆగలేదు. ఆ రోజు రెండు గంటలు బ్యాటరీ మీదే నడిచింది.

తుడిచాక కూడా వెంటనే ఆగిపోతే సెల్స్ మీదే అనుమానం, అప్పుడు బ్యాటరీ కొనండి. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి తిరిగి ఉంటే తుడిచి వదిలేయకండి, ఆ కనెక్టరే మార్పించాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచి, బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. ఛార్జర్ తీసేసి, దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా తెలిసినవాళ్ల చేత తీయించండి.