కూతలు ఆగిన చోట

అమ్మా,

పల్లెటూరి డాక్టరు కిరణ్ మీద నువ్వు రాసిన కథ రాత్రి చదివాను. ఆఖరి వాక్యం దగ్గర గుండె జల్లుమంది. "పిల్లికూతలు ఆగిపోయాయి. కిరణ్ తృప్తిగా నవ్వాడు" అని ముగించావు. సుఖాంతం అనుకుని రాశావు. నాకు మాత్రం ఆ పిల్లాడి ఊపిరితిత్తుల్లో ఒకదానిలోకి గాలి పోవడం పూర్తిగా ఆగిపోయిందేమో అనిపించింది. ఇక నిద్ర పట్టలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఎందుకలా అనిపించిందంటే, రెండో పేజీలో తల్లి చెప్పిన మాట వల్ల. "నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడు బాబూ. పల్లీలు తింటూ పరుగెత్తాడు, పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. కాసేపటికి సర్దుకున్నాడు. రాత్రి నుంచి ఈ కూతలు." ఇంత మంచి మాట ఊహించి రాయడం కష్టం, నువ్వు ఎక్కడో విన్నదే అయ్యుండాలి. కానీ రాసి వదిలేశావు. కిరణ్ కూడా వదిలేశాడు. నెబ్యులైజర్ పెట్టాడు, కళ్లు మూసుకుని స్టెతస్కోపు ఆనించాడు, "వెదురుపొదలో చిక్కుకున్న గాలి" విన్నాడు, అంతే, వినడం వచ్చేసింది. తల్లి మాట మాత్రం ఎవరి చెవినా పడలేదు.

ఆ వెదురుపొద మీదే నా కోపమంతా. శబ్దానికి ఉపమానం తగిలించిన క్షణంలో రచయిత వినడం మానేస్తాడని నేను నలభై ఏళ్లుగా అంటున్నాను, ఇప్పుడూ అంటాను. వెదురుపొద అన్నాక పాఠకుడికి వెదురు కనిపిస్తుంది. ఛాతీలో ఎటువైపు, ఊపిరి తీసేటప్పుడా వదిలేటప్పుడా, ఒక్క స్వరమా పది స్వరాలా, దగ్గితే మారిందా లేదా అన్నవి నువ్వు చెప్పలేదు, అతనూ అడగడు. నిజానికి నీ కథ ఉన్నది ఆ నాలుగు ప్రశ్నల్లోనే. ఫ్రెంచి డాక్టరు లెనెక్ 1816లో కాగితం చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నాడు, స్టెతస్కోపు అక్కడ పుట్టింది. ఆయనా తను విన్న శబ్దాలకు పోలికలు చెప్పాడు, కాదనను. కానీ ఆయన అక్కడ ఆగలేదు. చనిపోయిన రోగుల ఊపిరితిత్తులు కోసి చూసి, ఏ శబ్దం వెనక ఏముందో పక్కనే రాశాడు.

నా సంగతి చెబుతాను. హౌస్ సర్జన్‌గా ఉండగా మూడేళ్ల పాప వచ్చింది. అప్పటికి రెండు వారాలుగా ఉబ్బసం మందులు వాడుతున్నారు. ముందు చూసిన డాక్టరు కేస్ షీట్‌లో "రెండువైపులా వీజ్" అని రాసి ఉన్నాడు. నేనూ స్టెతస్కోపు పెట్టాను, కూత వినిపించింది, అదే మాట కింద మళ్లీ రాశాను. అది అబద్ధమని కూడా అనలేను. చిన్నపిల్లల ఛాతీ చిన్నది, ఒకవైపు పుట్టిన కూత రెండోవైపుకీ పాకి వినిపిస్తుంది. మా సీనియర్ మేడమ్ వచ్చి పాపను తల్లి భుజం మీద పడుకోబెట్టించి, వీపు వైపు నుంచి వినడం మొదలుపెట్టింది. కుడి, ఎడమ, మళ్లీ కుడి, ఒకే ఎత్తులో ఒకదాని పక్కన ఒకటి. పాప ఏడుస్తుంటే ఆగింది. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పిల్లలు ఒక లోతైన ఊపిరి తీసుకుంటారు. దాని కోసం కాచుకుని వింది. తర్వాత స్టెతస్కోపు నా చెవులకు పెట్టి, "కూతను వదిలెయ్. దాని కింద గాలి విను" అంది.

విన్నాను. ఎడమవైపు గాలి నిండుగా లోపలికి వెళ్తోంది. కుడివైపు సగం కూడా లేదు. కూత ఒకే స్వరం, ప్రతి ఊపిరికీ అదే చోట అదే స్వరం. ఉబ్బసంలో అలా ఉండదు. అక్కడ రెండు ఊపిరితిత్తుల్లోనూ ఎన్నో గొట్టాలు ఒక్కోటి ఒక్కోలా బిగుసుకుంటాయి, అందుకని ఊపిరి వదిలేటప్పుడు పలు స్వరాలు కలిసి వినిపిస్తాయి, సాల్బుటమాల్ ఇస్తే చాలాసార్లు తగ్గుతాయి. ఈ పాపకు ఎన్నిసార్లు నెబ్యులైజ్ చేసినా కూత మారలేదు. కుడివైపు గొట్టంలో వేరుశనగ గింజ ఇరుక్కుని ఉంది. ఎక్స్‌రేలో అది కనపడదు, వేరుశనగ గింజను ఎక్స్‌రే చూపించలేదు. ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములో మాత్రం కుడి ఊపిరితిత్తి ఖాళీ కాకుండా ఉబ్బే ఉంది, గుండె ఎడమకు జరిగి ఉంది. గాలి లోపలికి పోతోంది, బయటికి రాలేకపోతోంది. మత్తిచ్చి బ్రాంకోస్కోపుతో గింజ తీశారు. అప్పుడు అడిగితే తల్లికి గుర్తొచ్చింది, పదహారు రోజుల కిందట తింటూ నవ్వి పొలమారిందని. అంతవరకు ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాతో సహా.

దీన్ని కథగా రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు "కుడివైపు సగం కూడా లేదు" అన్న వాక్యం కొట్టేసి, "విరిగిన వేణువు రోదించింది" అని తనే రాసి అచ్చేశాడు. చదివినవాళ్లు ఆ వాక్యం బాగుందని నాకు ఉత్తరాలు రాశారు. ఆ పత్రికకు నేను మళ్లీ ఏదీ పంపలేదు.

ఇక నీ కిరణ్ దగ్గరికి వద్దాం. నెబ్యులైజర్ పెట్టాక కూతలు ఆగాయి. ఎందుకు ఆగాయి? గొట్టాలు తెరుచుకుంటే ఆగుతాయి. గింజ జరిగి దారిని పూర్తిగా మూసేసినా ఆగుతాయి, గాలి కదలకపోతే కూత ఎక్కడినుంచి వస్తుంది? తీవ్రమైన ఉబ్బసంలోనూ ఇంతే, ఛాతీ నిశ్శబ్దమైతే ఐసీయూకి పరుగెత్తాలి. తెరుచుకుని ఆగడానికీ మూసుకుని ఆగడానికీ తేడా పట్టడానికి కిరణ్ దగ్గర చెవులున్నాయి, కళ్లున్నాయి. గాలి రెండువైపులా సమానంగా వెళ్తోందా? పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోందా? పిల్లాడు తేటగా చూస్తున్నాడా, మగతలోకి జారుతున్నాడా? నువ్వు అతన్ని నవ్వించి కథ ముగించేశావు.

ఆ ఊళ్లో అతను గింజను తీయలేడు. పిల్లాడు ఏడుస్తూ మాట్లాడుతూ ఊపిరి తీస్తున్నంతసేపు నోట్లో వేళ్లు పెట్టి వెతకకూడదు, తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టకూడదు. గింజ కదిలి గొంతు దగ్గర అడ్డం పడితే రెండు ఊపిరితిత్తులకూ దారి మూసుకుంటుంది. తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టి, మత్తు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి తినడానికి ఏమీ పెట్టకుండా, ఆక్సిజన్ ఉన్న బండిలో బ్రాంకోస్కోపీ చేసే ఆసుపత్రికి పంపాలి. ఎక్స్‌రే మామూలుగా ఉందని ఆగకూడదు, కొందరికి మామూలుగానే వస్తుంది. "పొలమారింది" అన్న ఒక్క మాట చాలు పంపడానికి. రెఫరల్ చీటీతో కథ ముగిస్తే బలం ఉండదని నీకు అనిపించొచ్చు, సంపాదకులూ అదే అంటారు. ఆ చీటీ మీద కిరణ్ ఏం రాస్తాడో చూపించు. "కుడివైపు గాలి తగ్గింది. ఒకే స్వరం. నిన్న పల్లీలు తింటూ పొలమారాడు." ఇవి రాయగలిగాడంటే విన్నాడన్నమాట.

స్టెతస్కోపు బిళ్లను పిల్లాడి ఒంటికి తాకించే ముందు కిరణ్ అరచేతిలో పట్టుకుని వెచ్చచేస్తాడే, ఆ ముక్క ముట్టుకోకు. చొక్కా మీద నుంచి కాకుండా చొక్కా పైకెత్తి విన్నాడని కూడా అక్కడే రాయి, బట్ట రాపిడి శబ్దం కూతలతో కలిసిపోతుంది.

నెబ్యులైజర్ దృశ్యం నుంచి తిరగరాసి పంపు. చివర కూతలు ఆగినా సరే. ఆగిన తర్వాత అతన్ని మళ్లీ ఒకసారి విననివ్వు, ముందు కుడివైపు.

మీ
మామయ్య